ఫంక్షన్ హాలు అద్దె ఎంత పెట్టాలి: తారీఖు కన్నా ముందు లగ్నం అడగండి

ప్రశ్న: తెనాలి దగ్గర మాకు కొత్త ఏసీ ఫంక్షన్ హాలు తయారైంది. పైన ఆరు వందల కుర్చీలు, కింద రెండు వందల యాభై మందికి భోజనాల హాలు, పది రూములు. చుట్టుపక్కల ఒక్కో హాలువాళ్లు ఒక్కో రేటు చెబుతున్నారు. రోజుకి ఒకటే రేటు పెట్టాలా, పూటల లెక్కన ఇవ్వాలా? ఆషాఢంలో తగ్గించాలా? కరెంటు, జనరేటరు, డెకరేషన్ అద్దెలోనే కలిపేయాలా, విడిగా తీసుకోవాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సమాధానం:

రోజుకి ఒకటే రేటు మాత్రం పెట్టకండి. పెళ్లికి ఒక రేటు, పూటకి ఒక రేటు పెట్టండి. ముహూర్తం బలాన్ని బట్టి ఏడాదిని మూడు రకాల రోజులుగా విడగొట్టండి. కుర్చీలు, స్టేజీ, రూములు, నీళ్లు, క్లీనింగ్ అద్దెలో కలిపేయండి. కరెంటు, డీజిల్ మాత్రం మీటరు చూసి తీసుకోండి. డెకరేషన్, వంట ఎవరిచేత చేయించుకుంటారో వాళ్ల ఇష్టానికి వదిలేయండి. మీది కొత్త హాలు కాబట్టి మొదటి రెండేళ్లు ఈ పద్ధతే మేలు.

గుంటూరు వైపు రెండు హాళ్ల బుకింగులు పదిహేనేళ్లకు పైగా నా చేతి మీదుగా నడుస్తున్నాయి. పై మాటలకు కారణాలు ఆ అనుభవం నుంచే చెబుతాను. కింద ఇచ్చే రేట్లు మీ హాలు సైజుని ఊహించుకుని వేసినవి. అంకెలు మీవి వేసుకోండి, లెక్క పద్ధతి మాత్రం ఇదే ఉంచండి.

ముందు "రోజు" అంటే ఏమిటో తేల్చుకోండి

హాలు వ్యాపారంలో డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. మన పెళ్లిళ్లు క్యాలెండర్ రోజుని పట్టించుకోవు. శుభలేఖలో "బుధవారం రాత్రి 2 గం. 40 ని.లకు, తెల్లవారితే గురువారం" అని వేస్తారు. పంచాంగం ప్రకారం సూర్యోదయం దాకా అది బుధవారమే. మీ రిజిస్టర్‌లో అది గురువారం కింద పడుతుంది. పెళ్లివారు ఫోన్ చేసి "గురువారం పెళ్లండీ" అంటే మీరు గురువారం రాసుకుంటారు. వాళ్లేమో బుధవారం మధ్యాహ్నానికే సామాను దింపుతారు. ఆ బుధవారం సాయంత్రం మీరు ఇంకెవరికో రిసెప్షన్ ఇచ్చి ఉంటే, రెండు కుటుంబాల ముందు నిలబడి సమాధానం చెప్పాల్సింది మీరే. అందుకే మా బుకింగ్ ఫారంలో మొదటి గడి తారీఖు కాదు, లగ్నం ఎన్ని గంటలకు అన్నది. దాని కింద "ఏ రోజు ఎన్ని గంటలకి హాలు తీసుకుంటారు, ఏ రోజు ఎన్ని గంటలకి ఖాళీ చేస్తారు" అని రెండు తారీఖులు, రెండు వారాలు, రెండు టైములు రాయించి సంతకం పెట్టిస్తాం.

లగ్నం తెలిశాక అమ్మాల్సింది మూడు రకాలే.

మొదటిది రాత్రి లగ్నం పెళ్లి. లగ్నం ఉన్న రాత్రికి ముందు మధ్యాహ్నం 2 గంటలకు తాళాలు ఇస్తాం. మర్నాడు పొద్దున 10 గంటలకు ఖాళీ చేయాలి. టిఫిన్లు, అప్పగింతలు అన్నీ ఆలోపు అయిపోతాయి. రెండోది పగటి లగ్నం పెళ్లి. ముందు రోజు సాయంత్రం 5 నుంచి పెళ్లి రోజు సాయంత్రం 4 దాకా. పెళ్లి భోజనాలు మూడు దాటితే గానీ ముగియవు కాబట్టి ఇంతకన్నా ముందు ఖాళీ చేయమంటే గొడవే. మూడోది పూట: ఉదయం 6 నుంచి 2 వరకు, లేదా సాయంత్రం 6 నుంచి 11 వరకు. నిశ్చితార్థం, ఓణీల ఫంక్షన్, వ్రతం, రిసెప్షన్, పుట్టినరోజు ఇందులోకి వస్తాయి.

ఒక పార్టీ వెళ్లాక ఇంకో పార్టీ రావడానికి మధ్యలో నాలుగు గంటలు ఉండేలా ఈ టైములు పెట్టాం. అందులో గంటన్నర మన క్లీనింగ్‌కి, మిగతాది తర్వాతి పార్టీ డెకరేషన్‌కి. ఆ నాలుగు గంటలు తగ్గించారంటే పువ్వుల స్టేజీ సగం కట్టి ఉండగానే చుట్టాలు దిగుతారు. సాయంత్రం పూట 11 దాకా ఇచ్చినా డీజే, మైకు 10 గంటలకే కట్టేయాలని కాగితం మీద రాయండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్ స్పీకర్లు వాడకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పోలీసులు వస్తే అడిగేది పార్టీని కాదు, హాలు యజమానిని.

ఇప్పుడు రేటు సంగతి. రాత్రి లగ్నానికి 20 గంటలు, పగటి లగ్నానికి 23 గంటలు. తేడా మూడు గంటలే కదా అని ఇద్దరికీ ఒకే రేటు చెబుతారు చాలామంది. గంటలు లెక్క పెట్టడం కాదు, ఈ పెళ్లి ఇస్తే ఇంకే బుకింగ్ పోతుంది అన్నది చూడాలి.

ఒక మంచి ముహూర్తం బుధ, గురువారాల మధ్య పడిందనుకోండి. ఒక కుటుంబానిది బుధవారం రాత్రి 2:40 లగ్నం, ఇంకో కుటుంబానిది గురువారం పగలు 10:20 లగ్నం. ఇద్దరూ మీ హాలే అడిగారు. గురువారం సాయంత్రం రిసెప్షన్ కోసం మూడో కుటుంబం కూడా అడుగుతోంది. రాత్రి లగ్నం వాళ్లకి 1,40,000కి ఇస్తే వాళ్లు గురువారం పొద్దున 10కి వెళ్లిపోతారు. సాయంత్రం 6కి రిసెప్షన్ 45,000కి ఇవ్వొచ్చు. మొత్తం 1,85,000. అదే పగటి లగ్నం వాళ్లకి ఇస్తే వాళ్లు సాయంత్రం 4 దాకా ఉంటారు, రిసెప్షన్ పోయినట్టే. ఆ రిసెప్షన్‌కి క్లీనింగ్, మనుషుల ఖర్చు ఎనిమిది వేలు ఎలాగూ మిగులుతుంది కాబట్టి నికరంగా పోయేది 37,000. అంటే పగటి లగ్నానికి 1,77,000 దగ్గర చెబితేనే మీకు రెండూ సమానం. వాళ్లు అంత ఇవ్వలేమంటే రాత్రి లగ్నం పెళ్లి తీసుకోండి. గురువారం సాయంత్రానికి అడిగేవాళ్లే లేకపోతే పగటి లగ్నానికీ 1,40,000 చాలు. ఇంకొకటి కూడా చూడాలి. గురువారం రాత్రి కూడా మంచి లగ్నం ఉంటే ఆ పెళ్లివారు మధ్యాహ్నం 2కి దిగాలి. పగటి పెళ్లి ఆ రాత్రి పెళ్లిని కూడా ఆపేస్తుంది. అలాంటప్పుడు పగటి లగ్నం ఎంతకి ఇచ్చినా నష్టమే కావచ్చు. రేటు చెప్పే ముందు పంచాంగంలో ఆ రోజుకి ముందు రాత్రి, తర్వాత రాత్రి కూడా చూడాలని నేను అనేది ఇందుకే.

సీజన్ అంటే ఇంగ్లిష్ నెల కాదు

"మే నెల సీజన్, జూలై అన్ సీజన్" అని బోర్డు మీద రాసుకున్న హాళ్లు ఉన్నాయి. అది నడవదు. 2024నే తీసుకోండి. ఏప్రిల్ చివర శుక్ర మూఢం వచ్చింది. అది జూలై మొదట్లో వదిలేసరికి ఆషాఢం మొదలైంది. వేసవి సెలవుల్లో మామూలుగా కిటకిటలాడే హాళ్లు ఆగస్టులో శ్రావణం వచ్చేదాకా మూడు నెలలకు పైగా పెళ్లి లేకుండా ఉన్నాయి. ఆ మే నెలకి సీజన్ రేటు చెప్పి కూర్చుంటే ఎవరొస్తారు? 2023లో శ్రావణం అధిక మాసంగా వచ్చి జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా ముహూర్తాలు లేవు. 2026లో అధిక జ్యేష్ఠం మే 17 నుంచి జూన్ 15 దాకా పడింది. ఏటా ఇలా ఏదో ఒకటి కదులుతూనే ఉంటుంది.

అందుకని ఏటా కొత్త పంచాంగం చేతికి రాగానే మీ ఊరి పంతులుగారి దగ్గర కూర్చుని క్యాలెండర్ మీద గుర్తులు పెట్టుకోండి. పెద్ద ముహూర్తాలకు ఎరుపు, మామూలు ముహూర్తాలకూ ముహూర్తం లేని ఆదివారాలకూ పసుపు, మిగతావాటికి తెలుపు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, ధనుర్మాసం రాకముందు మార్గశిరం: ఎరుపు రోజులు దాదాపు అన్నీ వీటిలోనే ఉంటాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, అధిక మాసం, మూఢాలు తెలుపు. ఒక్క పంతులుగారి మాటతో ఆగకుండా ఇద్దరిని అడగండి. ఒకరు బాగుందన్న రోజు ఇంకొకరు వద్దంటారు. ఇద్దరూ బాగుందన్న రోజే నిజమైన ఎరుపు. ఆ రోజు ఊళ్లో హాళ్లన్నీ నిండుతాయి.

మూఢమో, ఆషాఢమో వదిలాక వచ్చే మొదటి రెండు వారాలను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. నెలల తరబడి ఆగిన పెళ్లిళ్లన్నీ అక్కడే పడతాయి. ఆ వారాల్లో మామూలు ముహూర్తం కూడా ఎరుపు రేటుకే పోతుంది.

ఎరుపు రోజుల్లో పాటించాల్సిన నియమం ఒకటుంది. ఎరుపు రోజుని పూటగా ముందే అమ్మకండి. ఆరు నెలల ముందు ఎవరో వచ్చి, ఆ సాయంత్రం పాప పుట్టినరోజుకి 45,000 ఇస్తాం అంటారు. ఖాళీగా ఉంది కదా అని ఇచ్చేస్తే, రెండు నెలల తర్వాత వచ్చే 1,40,000 పెళ్లి తిరిగిపోతుంది. మన వైపు ముహూర్తం పెట్టుకున్నాకే హాలు వెతుకుతారు. అది రెండు మూడు నెలల ముందు జరుగుతుంది, ఒక్కోసారి నెల ముందు కూడా. అందుకని మేము ఎరుపు రోజులను 40 రోజుల ముందు వరకు పెళ్లికే ఉంచుతాం. ఆ తర్వాత కూడా ఖాళీగా ఉంటే పూటలకి వదులుతాం. వచ్చినవాళ్లని తిప్పి పంపకండి. "40 రోజుల ముందు మీకే మొదట ఫోన్ చేస్తాం" అని నంబరు రాసుకుని నిజంగానే ఫోన్ చేయండి. ఒకసారి అలా చేస్తే ఆ కుటుంబం తర్వాతి ఫంక్షన్‌కి కూడా మీ దగ్గరికే వస్తుంది.

తెలుపు రోజుల విషయంలో మీరు అడిగినది ఆషాఢంలో తగ్గించాలా అని. ఎంత తగ్గించినా ఆషాఢంలో పెళ్లి రాదు. కాబట్టి పెళ్లి రేటు తగ్గించి లాభం లేదు. పైగా "ఆషాఢం ఆఫర్" అని ఫ్లెక్సీ కడితే, శ్రావణంలో వచ్చే పెళ్లివారు ఆ ఫోటో చూపించి అదే రేటు అడుగుతారు. రేటు తగ్గించకుండా అమ్మే సరుకునే చిన్నది చేయండి. మీకు కింద భోజనాల హాలు విడిగా ఉంది. దాన్ని ఒక్కదాన్నే, ఏసీ లేకుండా, రెండు రూములతో పూటకి 15,000కి ఇవ్వొచ్చు. ఓణీల ఫంక్షన్లు, డీలర్ల మీటింగులు, స్కూలు కార్యక్రమాలు అలా వస్తాయి. పెద్దకర్మ భోజనాలకి హాలు ఇస్తే పెళ్లివారు పట్టించుకుంటారేమో అన్న భయం చాలామందికి ఉంటుంది. కింది హాలుకి వేరే గేటు ఉంటే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. ముస్లిం పెళ్లిళ్లు మన మూఢాలను చూడవు. రంజాన్ నెల, మొహర్రం రోజులు తప్ప మిగతా ఏడాదంతా పడతాయి. క్రైస్తవుల పెళ్లిళ్లు ఈస్టరుకి ముందు వచ్చే లెంట్ ఉపవాస రోజులు వదిలితే డిసెంబరు, జనవరిలో బాగా ఉంటాయి, అంటే మనకి ధనుర్మాసం, పుష్యం నడిచే రోజులు. మీ చుట్టుపక్కల మసీదు కమిటీలకీ చర్చి పెద్దలకీ మీ హాలు గురించి తెలియజేయండి. వాళ్లకి కావాల్సినవి కొంచెం వేరుగా ఉంటాయి. ఆడవాళ్లకి విడిగా కూర్చునే చోటు, ఆలస్యంగా మొదలయ్యే భోజనాలు లాంటివి. ఆ ఏర్పాటు చేయగలిగితే తెలుపు రోజుల్లో కూడా పసుపు రేటు వస్తుంది.

రేటు ఎక్కడి నుంచి వస్తుంది

పక్క హాలు రేటు చూసి వేస్తే, అతని అప్పు, అతని స్థలం, అతని ఖర్చు మీ మీద వేసుకున్నట్టు. మీ లెక్క మీరు వేయండి.

పెళ్లి జరిగినా జరగకపోయినా ఏడాదికి కట్టాల్సింది ఎంత? బ్యాంకు కిస్తీలు, వాచ్‌మన్ నుంచి మేనేజరు దాకా జీతాలు, ఆస్తి పన్ను, ఇన్సూరెన్స్, ఏసీ సర్వీసు, రంగులు, పనిలేని నెలల కరెంటు బిల్లు అన్నీ కలిపి 32 లక్షలు అనుకుందాం. దాని మీద మీకు కనీసం 8 లక్షలు మిగలాలి. అంటే బుకింగుల నుంచి 40 లక్షలు రావాలి, అదీ ఒక్కో ఫంక్షన్‌కి అయ్యే సొంత ఖర్చు పోగా. పెళ్లికి క్లీనింగ్, అదనపు మనుషులు, నీళ్ల ట్యాంకర్లు, చెత్త, అరుగుదల కలిపి 14,000, పూటకి 7,000 నుంచి 8,000 దాకా పడుతుందనుకోండి.

కొత్త హాలుకి మొదటి ఏడాది ఎరుపు రోజుల్లో 20 పెళ్లిళ్లు, పసుపులో 15 పెళ్లిళ్లు, పూటలు 30 వస్తాయని జాగ్రత్తగా లెక్క వేద్దాం. ఎరుపు పెళ్లి 1,40,000, పసుపు పెళ్లి 90,000, పూట సగటున 32,000. సొంత ఖర్చు తీసేస్తే ఎరుపు పెళ్లిళ్ల నుంచి 25,20,000, పసుపు నుంచి 11,40,000, పూటల నుంచి 7,20,000 నుంచి 7,50,000 దాకా మిగులుతాయి. మొత్తం 44 లక్షలకి అటూ ఇటూ. 40 దాటింది, కొంచెం ఊపిరి కూడా ఉంది.

ఇదే హాలుకి రోజుకి ఒకటే రేటు పెట్టి చూడండి. అందరికీ 75,000 అంటే ఆ 35 పెళ్లిళ్లూ వస్తాయి, మిగిలేది 21 లక్షలు. పుట్టినరోజుకి 75,000 ఎవరూ ఇవ్వరు కాబట్టి పూటలు నాలుగైదు కూడా రావు. కిస్తీలు కట్టడమే కష్టం. పోనీ అందరికీ 1,20,000 అంటే ఎరుపు రోజులు నిండుతాయి, పసుపు పెళ్లిళ్లలో సగం పోతాయి, పూటలు అసలు రావు. మిగిలేది 28, 29 లక్షలు. అదీ చాలదు. రేటు ఎక్కువగా ఉందా తక్కువగా ఉందా అన్నది కాదు ఇక్కడ సమస్య. ఏ ఒక్క రేటైనా ఒక రకం పార్టీకి చవక, ఇంకో రకానికి భారం అవుతుంది.

ఈ లెక్కలో 44 లక్షల్లో 25 లక్షలు ఆ 20 ఎరుపు పెళ్లిళ్ల నుంచే వస్తున్నాయి, చూశారా? ఎరుపు రోజున "మనవాళ్లే, ఇరవై వేలు తగ్గించు" అని పెద్దమనిషి ఫోన్ చేస్తే తగ్గించకండి. మొహమాటం తప్పకపోతే రెండు రూములు ఎక్కువ ఇవ్వండి, ముందు రోజు రెండు గంటలు ముందు తాళాలు ఇవ్వండి. బేరం ఆడే చోటు పసుపు రోజులు. అక్కడ పది పదిహేను వేలు తగ్గినా ఖాళీగా ఉండేకన్నా నయం.

ఏది కలపాలి, ఏది విడిగా

పార్టీ వద్దనలేనివన్నీ అద్దెలోనే ఉండాలి. కుర్చీలు, స్టేజీ, పందిరి స్తంభాలు, రూములు, మంచినీళ్లు, వాడుక నీళ్లు, వంటపాత్రలు, గంగాళాలు, బాత్రూముల క్లీనింగ్, పార్కింగ్ దగ్గర ఇద్దరు మనుషులు. వీటికి విడివిడిగా డబ్బు రాస్తే పెళ్లి మర్నాడు పొద్దున, అప్పగింతలు అయి కళ్లు తుడుచుకుంటున్న తండ్రి చేతికి మీరు బిల్లు ఇచ్చే సమయంలో గొడవ అవుతుంది. మా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం, వాళ్ల పెద్దమ్మాయి పెళ్లికి వేరే ఊళ్లో తీసుకున్న హాలులో చెప్పిన అద్దె మీద క్లీనింగ్ అని, కుర్చీలని, వంటపాత్రలని ఇంకో ముప్పై అయిదు వేలు చివర్లో కట్టించుకున్నారని చెప్పి, సంతకం పెట్టే ముందు మా కాగితం రెండుసార్లు చదివారు. వాళ్లు చదవాల్సిందే. అన్నీ ఒకే పేజీలో ఉండాలి.

కరెంటు, జనరేటరు మాత్రం అద్దెలో కలపకండి. కారణం చెబుతాను. మీ సైజు హాలుకి 50 టన్నుల దాకా ఏసీ ఉంటుంది. అది పూర్తిగా నడిస్తే గంటకి సుమారు 60 యూనిట్లు. వైశాఖంలో పెళ్లికి ఎనిమిది గంటలు ఏసీ, రూముల ఏసీలు, లైట్లు కలిపి 600 యూనిట్ల దాకా కాలుతుంది. మార్గశిరంలో అదే పెళ్లికి ఏసీ అసలు వేయకపోవచ్చు. జనరేటరు ఇంకా తేడా. 125 కేవీఏ మెషిన్ ముప్పావు లోడు మీద గంటకి 20 లీటర్ల డీజిల్ తాగుతుంది. ఇప్పటి డీజిల్ ధరకి గంటకి రెండు వేల రూపాయలకి అటూ ఇటూ. ఒక లీటరుకి మూడున్నర యూనిట్లకి కొంచెం అటూ ఇటూగా వస్తుంది కాబట్టి యూనిట్ దాదాపు 28 రూపాయలు పడుతుంది, మామూలు కరెంటుకి రెట్టింపు పైనే. పెళ్లి రాత్రి వర్షం పడి నాలుగు గంటలు కరెంటు పోతే ఎనిమిది వేలు డీజిలే. అన్నీ కలిపి ఒక రేటు చెబితే, వర్షం వచ్చిన రోజు మీకు నష్టం, రాని రోజు వాళ్లకి నష్టం.

హాలుకి విడిగా సబ్ మీటరు పెట్టించండి. తాళాలు ఇచ్చేటప్పుడు ఒక రీడింగ్, తీసుకునేటప్పుడు ఒక రీడింగ్, రెండు సార్లూ పార్టీ మనిషితో సంతకం చేయించి ఫోటో తీసుకోండి. జనరేటరు మీద గంటల మీటరు ఉంటుంది, అదీ అంతే. యూనిట్‌కి మీకు పడిన ధరే తీసుకోండి, దాని మీద లాభం వేసుకోకండి. బయటి డెకరేషన్‌వాళ్లు తెచ్చే ఎల్ఈడీ తెరలు, ఫోకస్ లైట్లు కూడా ఈ మీటరు మీదే నడుస్తాయని ముందే చెప్పండి. ఈ రెండూ విడిగా ఉంటే ఇంకో మేలుంది. ఎవరూ లేని హాలులో రాత్రంతా ఏసీ నడవదు, వాళ్లే కట్టేస్తారు. సుమారుగా ఎంత అవుతుందో బుకింగ్ రోజే చెప్పండి: "ఎండాకాలం రాత్రి పెళ్లికి మామూలుగా ఎనిమిది నుంచి పది వేలు". అలా చెబితే చివర్లో ఆశ్చర్యపోరు.

డెకరేషన్, వంట మన మనుషులే చేయాలని పట్టుబట్టే హాళ్లు హైదరాబాదులో నడుస్తున్నాయి. తెనాలిలో ప్రతి ఇంటికీ ఒక నమ్మకమైన వంట మాస్టరు ఉంటారు. ఆయన్ని వద్దంటే హాలే మారుస్తారు. మీకు తెలిసిన ఇద్దరు డెకరేషన్‌వాళ్ల రేట్లు కాగితం మీద ఉంచండి, తీసుకోవడం వాళ్ల ఇష్టం. బయటివాళ్లు వస్తే గోడలకి మేకులు, టేపులు కొట్టకుండా డెకరేటరు దగ్గరే విడిగా పది వేల డిపాజిట్ తీసుకోండి. పెళ్లివారి డిపాజిట్‌లోంచి కోస్తే వాళ్లు చేయని పనికి వాళ్లని శిక్షించినట్టు అవుతుంది.

జీఎస్టీ, అడ్వాన్సు, రద్దు

హాలు అద్దె మీద 18 శాతం జీఎస్టీ ఉంది. సేవల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. పై లెక్క ప్రకారం మీది దాటుతుంది. అందుకే 1,40,000 అని చెప్పినప్పుడే "జీఎస్టీతో 1,65,200" అని కూడా చెప్పండి. అడ్వాన్సు తీసుకున్న నెల లెక్కలోనే దాని మీద పన్ను కట్టాలి, పెళ్లి అయ్యేదాకా ఆగడం కుదరదు. రిజిస్టర్ అయిన ట్రస్టు కింద ఉన్న గుడి కల్యాణ మండపాలకి రోజు అద్దె పది వేల లోపుంటే పన్ను లేదు. వాటి రేటుతో మీ రేటు పోల్చి ఎవరైనా మాట్లాడితే, ఆ లెక్క వేరని మర్యాదగా చెప్పండి. అంతే తప్ప ఆ రేటుకి దిగకండి.

అడ్వాన్సు మూడో వంతు బుకింగ్ రోజు, మిగతాది పెళ్లికి 15 రోజుల ముందు. రద్దు విషయంలో కఠినంగా ఉండే హాళ్లు చాలా ఉన్నాయి గానీ, నా పద్ధతి వేరు. ఇంట్లో ఎవరో పోయి మైల వస్తే పెళ్లి వాయిదా పడుతుంది. అది వాళ్ల తప్పు కాదు. ఆ రోజు తిరిగి అమ్ముడుపోతే, అయిదు వేలు ఖర్చుల కింద ఉంచుకుని మొత్తం అడ్వాన్సు ఇచ్చేస్తాం. అమ్ముడుపోకపోతే ఆరు నెలల్లోపు ఇంకో తారీఖుకి సర్దుతాం. కాకపోతే కొత్త తారీఖు ఎరుపు అయితే ఎరుపు రేటే, తేడా వాళ్లు కట్టాలి. ఇది రాతలో ఉండాలి. లేకపోతే ఆషాఢానికి ముందు పసుపు రోజున 90,000కి బుక్ చేసి, శ్రావణంలో పెద్ద ముహూర్తానికి అదే రేటుకి మార్చమని అడుగుతారు.

ఆలస్యానికి అరగంట వదిలేయండి. ఆ తర్వాత గంటకి అయిదు వేలు. తర్వాత బుకింగ్ ఉన్నా లేకపోయినా అదే రేటు తీసుకోండి. ఒకరికి వదిలి ఇంకొకరిని అడిగితే ఊళ్లో మాట వస్తుంది.

రేటు సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది

బుకింగ్ రిజిస్టర్‌తో పాటు ఎంక్వైరీ రిజిస్టర్ ఒకటి పెట్టండి. హాలు తీసుకోనివాళ్ల వివరాలు దానిలో రాయాలి. ఏ రోజు, లగ్నం ఎప్పుడు, మనం చెప్పిన రేటు, ఎందుకు తీసుకోలేదు. వారం తర్వాత ఫోన్ చేసి ఎక్కడ తీసుకున్నారో అడిగితే చాలామంది చెబుతారు. ఎరుపు రోజులు నాలుగు నెలల ముందే, బేరం లేకుండా నిండిపోతున్నాయంటే రేటు తక్కువగా ఉంది, వచ్చే పంచాంగానికి పది శాతం పెంచండి. పసుపు రోజులు నెల ముందు దాకా ఖాళీగా ఉంటే ముందు కారణాలు చదవండి. "రేటు ఎక్కువ" అని రాసి ఉంటే తగ్గించాలి. "రూములు చాలవు", "పార్కింగ్ లేదు" అని రాసి ఉంటే తగ్గించినా రారు. మీకు పది రూములే ఉన్నాయి కాబట్టి రూములు చాలవన్న మాట వినాల్సి వస్తుందని నా అంచనా. దగ్గర్లో ఒక లాడ్జితో మాట్లాడుకుని పెళ్లి రోజులకి ఎనిమిది రూములు ముందే పట్టి ఉంచుకునే ఏర్పాటు చేసుకోండి. వాటి అద్దె పార్టీ నేరుగా లాడ్జికే కట్టేలా పెట్టండి, మీ బిల్లులో కలపకండి.